యాప్ అప్‌డేట్‌లో ఏముందో పాలాయనకి అర్థమయ్యేలా ఎలా రాయాలి

ప్లే స్టోర్‌లో ఏదైనా యాప్ అప్‌డేట్ కింద చూడండి. సగం చోట్ల ఒకటే వాక్యం కనిపిస్తుంది: "బగ్ పరిష్కారాలు మరియు పనితీరు మెరుగుదలలు." నిన్న యాప్ మూడుసార్లు మూసుకుపోయి విసిగిపోయిన మనిషికి అది చదివితే ఏం తెలుస్తుంది? తన బాధ తీరిందో లేదో తెలియదు. అలాగని ప్రోగ్రామర్ రాసుకున్నదంతా యథాతథంగా పెట్టేసినా ఫలితం అంతే.

నేను ఒక చిన్న బృందంలో యాప్‌లోని మాటలు రాసే పని చేస్తాను. మా యాప్ పాలు పోసేవాళ్ళకి. ఏ ఇంటికి పొద్దున ఎన్ని లీటర్లు, సాయంత్రం ఎన్ని, ఎవరు ఎంత బాకీ అన్నది అందులో రాసుకుంటారు. ఈ మధ్య ఒక అప్‌డేట్ ఇచ్చాం. రెండు చోట్ల యాప్ దానంతటదే మూసుకుపోవడం ఆగింది, బాకీ రిమైండర్లు కొత్తగా వచ్చాయి. ఆ నాలుగు ముక్కలు రాయడానికి నాకు రెండు రోజులు పట్టింది. దాన్నే ఉదాహరణగా పెట్టుకుని వరసగా చెబుతాను. మీది పాల యాప్ కాకపోవచ్చు, వరస మాత్రం ఇదే పనికొస్తుంది.

మొదటి మెట్టు: ప్రోగ్రామర్‌ని కూర్చోబెట్టి "చూసేవాడికి ఏం కనిపించేది?" అని అడగండి

నా చేతికొచ్చిన జాబితా ఇది:

```
fix: DateTimeException in prev-month view (day 31)
fix: NPE in BillShareFragment when phone == null
feat: payment reminders via AlarmManager
chore: refactor Room DAO
```

దీన్ని తెలుగులోకి మార్చడం మొదలుపెట్టకండి. అక్కడే చాలామంది దారి తప్పుతారు. ఇది ప్రోగ్రామర్ తన కోసం రాసుకున్నది. కారణం చెబుతుంది తప్ప వాడేవాళ్ళ కంటికి ఏం కనిపించిందో చెప్పదు. మనకి కావాల్సింది ఆ రెండోది. అందుకే ఒక్కో లైనుకీ మూడు ప్రశ్నలు అడగండి: ఏ బటన్ నొక్కితే జరిగేది? ఎవరికి, ఎప్పుడు జరిగేది? జరిగినప్పుడు రాసుకున్నది ఏమైనా పోయేదా?

మొదటి లైనునే తీసుకోండి. యాప్‌లో ‘గత నెల’ అని ఒక బటన్ ఉంది. అది నొక్కితే, ఈ రోజు తేదీ అంకెనే ఉంచి నెలని ఒకటి వెనక్కి జరిపేలా ప్రోగ్రాం రాశారు. జులై 15న నొక్కితే జూన్ 15 వస్తుంది, ఇబ్బంది లేదు. జులై 31న నొక్కితే మాత్రం జూన్ 31 కావాలని అడుగుతుంది. అలాంటి తేదీ లేదు కాబట్టి యాప్ అక్కడే చేతులెత్తేస్తుంది.

దీని విడ్డూరం ఏమిటంటే, 31వ తేదీ వచ్చిన ప్రతిసారీ ఇలా జరగదు. ఆగస్టు 31న జరగదు, ఎందుకంటే జులైలోనూ 31 ఉంది. జనవరి 31న కూడా అంతే, వెనక ఉన్నది డిసెంబరు. మార్చి, మే, జులై, అక్టోబరు, డిసెంబరు నెలల చివరి రోజున మాత్రం తప్పదు. మార్చిలోనైతే ఫిబ్రవరి పొట్టిది కాబట్టి 30న కూడా మూసుకుపోతుంది, లీపు సంవత్సరం కాకపోతే 29నా అంతే. అందుకే మా దగ్గర నెలంతా పరీక్షించినా దొరకలేదు. పాలు పోసేవాళ్ళు బిల్లులు లెక్కకట్టేదేమో సరిగ్గా నెలాఖరునే. ఏడాది పొడుగునా నిక్షేపంగా పనిచేసిన యాప్ కావాల్సిన రోజున మూసుకుపోయేదన్నమాట.

ఇంత కథ తెలుసుకున్నాక రాయాల్సింది ఎంత? "నెలాఖరున ‘గత నెల’ నొక్కితే యాప్ మూసుకుపోయేది. సరిచేశాం." అంతే. నెలల జాబితా అక్కర్లేదు, తేదీ లెక్క అక్కర్లేదు. అయితే ‘నెలాఖరున’ అన్న ఒక్క మాట దొరకడానికే ఆ కథంతా వినాలి. ఆ మాట చూడగానే బాధపడినవాళ్ళు "ఆఁ, నాకూ అదే జరిగింది" అనుకుంటారు. అది లేకపోతే ఎవరికీ తన సంగతే అనిపించదు.

రెండో లైను తేలిక. ఫోన్ నంబరు రాసుకోని ఇంటికి ‘బిల్లు పంపు’ నొక్కితే యాప్ మూసుకుపోయేది, ఇప్పుడు నంబరు అడుగుతుంది. నాలుగో లైను లోపలి సర్దుబాటు. వాడేవాళ్ళకి కనిపించేది ఏమీ లేదు కాబట్టి కొట్టేయండి. ప్రోగ్రామర్ కాస్త చిన్నబుచ్చుకుంటాడు. పర్వాలేదు.

రెండో మెట్టు: వాళ్ళు ఫోన్‌లో చెప్పే మాటే తీసుకోండి

‘క్రాష్’ అన్న మాట మా వాళ్ళెవరూ వాడరు. ఫోన్ చేసి "యాప్ మూసుకుపోతోంది", "బయటికొచ్చేస్తోంది" అంటారు. మీకొచ్చిన ఫోన్లు, ప్లే స్టోర్‌లో రాసిన ఫిర్యాదులు ఒక ఇరవై ముందేసుకుని ఎక్కువమంది అన్న మాట ఏదో చూడండి. ‘ఆకస్మికంగా నిలిచిపోయే సమస్య పరిష్కరించబడింది’ లాంటిది వాటిలో ఒక్కదాంట్లోనూ దొరకదు. మా వాటిలో ‘మూసుకుపోతోంది’ గెలిచింది.

‘రిమైండర్’ సంగతి వేరు. దానికి మంచి తెలుగు పెట్టాలని నేను ‘జ్ఞాపిక’ దాకా వెళ్ళి వెనక్కొచ్చాను. జ్ఞాపిక అంటే సన్మానంలో ఇచ్చేది. ‘గుర్తు’ ఒక్కటే పెడితే ఎన్నికల గుర్తులా ఉంటుంది. రిమైండర్ అన్న మాట ఫోన్లు వాడేవాళ్ళకి అలవాటే. కాబట్టి పేరుగా రిమైండర్, అది చేసే పనికి ‘గుర్తు చేస్తుంది’ అని పెట్టుకున్నాం.

బటన్ పేరు రాసేటప్పుడు తెర మీద ఎలా ఉందో అచ్చంగా అలాగే రాయండి. యాప్‌లో ‘గత నెల’ అని ఉంటే మీరు ‘కిందటి నెల’ అని రాయకూడదు. చదివినవాళ్ళు ఆ మాట కోసం తెరంతా వెతుకుతారు. బొమ్మ మాత్రమే ఉన్న చోట బొమ్మని చెప్పండి, గంట బొమ్మ అని.

మూడో మెట్టు: రిమైండర్ గురించి ముందే నాలుగు సంగతులు తేల్చుకోండి

సరిచేసిన తప్పుల గురించి చదివేవాళ్ళు చేయాల్సిందేమీ లేదు. రిమైండర్‌కి మాత్రం వాళ్ళు ఏదో ఒకటి నొక్కాలి, ఏదో ఒకదానికి ఒప్పుకోవాలి. ఎక్కువ పని ఇక్కడే ఉంటుంది.

ఒకటి, గుర్తు చేసేది ఎవరికి? ఇది మేం చేతులు కాల్చుకుని నేర్చుకున్నాం. కొద్దిమందికి ముందుగా ఇచ్చిన అప్‌డేట్‌లో నేను "ఇప్పుడు బాకీలకు రిమైండర్లు!" అని రాశాను. ఆశ్చర్యార్థకం కూడా పెట్టాను. మర్నాడు పొద్దున్నే ఒకాయన ఫోన్. "ఏం బాబూ, మా ఇళ్ళన్నిటికీ బాకీ కట్టమని మెసేజీలు పోయినాయా? ఇరవై ఏళ్ళ నుంచి పాలు పోసే ఇల్లు, ఏమనుకుంటారు వాళ్ళు?" ఒక్క మెసేజీ కూడా వెళ్ళలేదు. రిమైండర్ వచ్చేది ఆయన ఫోన్‌కే. నా వాక్యంలో ఆ ముక్క లేకపోబట్టి ఆయన రాత్రంతా నిద్రపోలేదు. అప్పటి నుంచి ఎవరికి వస్తుందన్నది, ఎవరికి రాదన్నది రెండూ రాస్తున్నాం.

రెండు, అనుమతి. ఆండ్రాయిడ్ 13 నుంచి యాప్ నోటిఫికేషన్ చూపించాలంటే ఫోన్ ముందుగా వాడేవాళ్ళని అడుగుతుంది. ఏదో అడుగుతోంది కదా అని భయపడి వద్దని నొక్కేవాళ్ళు చాలామంది. రెండుసార్లు వద్దంటే ఇక ఆ ప్రశ్న మళ్ళీ రాదు, ఫోన్ సెట్టింగ్స్‌లోకి వెళ్ళి మార్చుకోవాల్సిందే. కాబట్టి ఫోన్ ఇలా అడుగుతుందని, ఒప్పుకోకపోతే రిమైండర్ రాదని ముందే చెప్పాలి. ఇక్కడ ఒక తిరకాసు ఉంది. మన యాప్ తెలుగులో ఉన్నా ఆ ప్రశ్న ఫోన్ భాషలో వస్తుంది. ఒకరికి ‘అనుమతించు’ అని, ఇంకొకరికి `Allow` అని కనిపిస్తుంది. అందుకని బటన్ పేరు రాయకుండా "ఒప్పుకోండి" అని రాశాను. బటన్ పేరు అచ్చంగా రాయమని పైన చెప్పింది మన యాప్ బటన్లకే.

మూడు, సమయం. "సరిగ్గా 7 గంటలకు" అని రాయబోతే ప్రోగ్రామర్ ఆపాడు. బ్యాటరీ మిగల్చడానికి ఆండ్రాయిడ్ ఇలాంటి పనుల్ని కాస్త వెనక్కి జరుపుతూ ఉంటుంది. కచ్చితమైన సమయానికి మోగాలంటే వేరే అనుమతి కావాలి. బాకీ గుర్తు చేయడానికి అంత అక్కర్లేదని మేం అది తీసుకోలేదు. కాబట్టి "7 గంటల ప్రాంతంలో". మీది మందులు గుర్తు చేసే యాప్ అయితే ఈ తేడా చిన్నది కాదు, ప్రోగ్రామర్‌ని గట్టిగా అడిగి తెలుసుకోండి.

నాలుగు, ఎప్పుడు రాదు? ఫోన్ ఆపి మళ్ళీ పెడితే ఆండ్రాయిడ్ అప్పటిదాకా పెట్టిన అలారాలన్నీ చెరిపేస్తుంది. యాప్ వాటిని మళ్ళీ పెట్టుకోవాలి. మాది పెట్టుకుంటుంది కాబట్టి దాని గురించి రాయలేదు. పెట్టుకోకపోయి ఉంటే రాసి తీరాలి, లేదా ఆ అప్‌డేట్‌ని ఆపాలి. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి యాప్‌ని బలవంతంగా ఆపేసినా, మళ్ళీ తెరిచేదాకా రిమైండర్లు రావు. కొన్ని ఫోన్లలో బ్యాటరీ పొదుపు కూడా అడ్డుపడుతుంది. ఇవన్నీ ఈ చిన్న నోట్‌లో పట్టవు. యాప్ లోపల సహాయం పేజీలో పెట్టాం.

నాలుగో మెట్టు: వరస

మా బృందంలో గొడవ దీని మీదే అయింది. కొత్తది ముందు పెట్టాలని ప్రోగ్రామర్లు, సరిచేసింది ముందు పెట్టాలని నేను. నా వాదన ఇది: అప్‌డేట్ కింద ఏముందో ఓపిగ్గా చదివేది ఎక్కువగా ఇబ్బంది పడినవాళ్ళే. వాళ్ళు వెతికేది మొదటి లైనులో ఉండాలి. పైగా యాప్ మూసుకుపోతోందని నమ్మకం పోయిన మనిషికి ముందుగా కొత్త వింతలు చూపిస్తే "ఉన్నదే పనిచేయడం లేదు, మళ్ళీ ఇదొకటా" అంటాడు. ఏ తప్పూ లేని అప్‌డేట్ అయితే కొత్తదే ముందు పెట్టండి, నాకేం అభ్యంతరం లేదు.

సరిచేసిన వాటికి, కొత్త వాటికి మధ్య ఒక లైను ఉండాలి: పాత లెక్కల సంగతి. యాప్ మూసుకుపోతే మనిషికి మొదట పట్టుకునే భయం రాసుకున్నదంతా పోయిందేమో అని. మొదటి మెట్టులో మూడో ప్రశ్న అడగమన్నది ఇందుకే. ఏమీ పోలేదని ప్రోగ్రామర్ ఖాయంగా చెబితేనే రాయండి. ఏదైనా పోయి ఉంటే అది కూడా రాయండి, ఏ రోజులవి పోయాయో, మళ్ళీ ఎలా ఎక్కించుకోవాలో.

"ఇక యాప్ ఎప్పుడూ మూసుకుపోదు" అని మాత్రం రాయొద్దు. మీరు సరిచేసింది రెండు చోట్ల. మూడో చోట మూసుకుపోయిన రోజున ఈ వాక్యాన్నే ఫొటో తీసి పంపుతారు.

ఐదో మెట్టు: కొలత

ప్లే స్టోర్‌లో ఈ నోట్‌కి ఒక్కో భాషకి 500 అక్షరాల హద్దు ఉంది. తెలుగువాళ్ళు ఇక్కడ మోసపోతారు, ఎందుకంటే మన కళ్ళు లెక్కపెట్టే అక్షరం వేరు, యంత్రం లెక్కపెట్టేది వేరు. ‘నొక్కితే’ అన్నది కంటికి మూడక్షరాలు. యంత్రానికి న, ఒత్వం, క, పొల్లు, మళ్ళీ క, గుడి, త, ఏత్వం, మొత్తం ఎనిమిది. ‘స్త్రీ’ ఒక్క అక్షరం, లెక్కకి ఆరు. ‘యాప్‌లో’ లాంటి మాటల్లో పొల్లు విడిగా నిలబడడానికి పెట్టే కనిపించని గుర్తు కూడా ఒకటి కిందే లెక్క. మామూలు తెలుగు వాక్యం కంటికి కనిపించేదానికి దాదాపు రెట్టింపు చోటు తింటుంది. అంటే చేతిలో ఉన్నది 250 అక్షరాలే అనుకుని మొదలుపెడితే చివర్లో కత్తిరించే బాధ ఉండదు.

మేం చివరికి పెట్టింది ఇది. పైనా కిందా ఉన్న గుర్తులు ప్లే కన్సోల్‌కి భాష చెప్పడానికి, చదివేవాళ్ళకి కనిపించవు.

```
<te-IN>
నెలాఖరున ‘గత నెల’ నొక్కితే యాప్ మూసుకుపోయేది. సరిచేశాం.
ఫోన్ నంబరు లేని ఇంటికి ‘బిల్లు పంపు’ నొక్కినా మూసుకుపోయేది. ఇప్పుడు నంబరు అడుగుతుంది.
మీ పాత లెక్కలు అలాగే ఉన్నాయి.
కొత్తది: బాకీ రిమైండర్
డబ్బు ఇస్తామన్న తేదీ పెట్టుకుంటే ఆ రోజు పొద్దున 7 గంటల ప్రాంతంలో మీ ఫోన్ గుర్తు చేస్తుంది. ఆ ఇంటివాళ్ళకి ఏ మెసేజీ వెళ్ళదు.
పెట్టాలంటే: ఇంటి పేరు నొక్కి, గంట బొమ్మ నొక్కండి. ఫోన్ అనుమతి అడిగితే ఒప్పుకోండి. లేకపోతే రిమైండర్ రాదు.
</te-IN>
```

యంత్రం లెక్కలో ఇది 420 దగ్గర ఉంది. ఇంకో వాక్యానికి చోటుంది, కానీ పెట్టలేదు. "మీ ఆదరణకు ధన్యవాదాలు" పెడదామని ఒకరు అన్నారు. దానికోసం అప్‌డేట్ తెరిచేవాళ్ళు లేరు.

ఇందులో ‘చేయబడింది’ లాంటి క్రియ ఒక్కటీ లేదని గమనించండి. చేసింది మనం కాబట్టి ‘సరిచేశాం’. వాళ్ళు చేయాల్సింది ‘నొక్కండి’. ఈ రెండు రకాల క్రియలతో నోట్ మొత్తం నడిచిపోతుంది.

ఆరో మెట్టు: ఒకరికి చదివి వినిపించండి

యాప్ గురించి తెలియని మనిషిని ఒకరిని పట్టుకోండి. నేను మా పిన్నికి ఫోన్‌లో చదివాను. చదివాక "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "రాంబాబు గారు 10వ తేదీకి ఇస్తానన్నారు. ఇప్పుడు నువ్వేం చేస్తావ్?" అని అడిగాను. పిన్ని "వాళ్ళ పేరు నొక్కి గంట నొక్కుతా" అంది. "10వ తేదీ పొద్దున రాంబాబు గారికి ఏం వస్తుంది?" అంటే "ఆయనకేం రాదుగా, నాకే వస్తుంది" అంది. ఆ రెండు జవాబులూ సరిగ్గా వచ్చాకే నోట్ ఎక్కించాం. అంతకు ముందు రాసిన దానికి రెండో జవాబు తప్పొచ్చింది, "ఆ ఇంటివాళ్ళకి" అన్న మాట చేరింది అప్పుడే.

ఏడో మెట్టు: స్టోర్‌లో పెట్టి ఊరుకోవద్దు

చాలా ఫోన్లలో అప్‌డేట్లు వాటంతటవే ఎక్కేస్తాయి. ఆ పేజీ తెరిచి చదివేవాళ్ళు కొద్దిమందే. అందుకని అదే నోట్‌ని అప్‌డేట్ తర్వాత యాప్ మొదటిసారి తెరిచినప్పుడు ఒక్కసారి చూపించండి. ఒక్కసారే. పొద్దున నాలుగున్నరకి పాలు కొలుస్తున్న మనిషికి రోజూ అడ్డొస్తే యాప్‌నే తీసేస్తాడు. ‘సరే’ నొక్కితే పోవాలి, మళ్ళీ కావాలంటే సహాయం పేజీలో దొరకాలి.

అప్‌డేట్ అందరికీ ఒకే రోజు అందకపోవచ్చు. మేం మొదట కొద్దిమందికి ఇచ్చి, ఇబ్బంది లేదని చూసి మిగతావాళ్ళకి ఇస్తాం. కాబట్టి వాట్సాప్ గ్రూపులో "ఈ రోజు నుంచి" అని రాయకండి. "గంట బొమ్మ కనిపిస్తే మీకు వచ్చినట్టే, కనిపించకపోతే రెండు మూడు రోజులు ఆగండి" అని రాయండి. వెర్షన్ నంబరు చూసుకోమని చెప్పేకన్నా ఇది మేలు. నంబరు ఎక్కడుంటుందో చెప్పడానికే ఇంకో పేరా కావాలి.

గ్రూపులో మాత్రం రాతతో పాటు మాట కూడా పంపుతాం, ఎందుకంటే మా వాళ్ళలో చదవడం కన్నా వినడం తేలికనుకునేవాళ్ళు చాలామంది. అర నిమిషం దాటని వాయిస్ మెసేజీ. రాసింది చూసి చదవకుండా, ఎదురుగా ఉన్న మనిషికి చెప్పినట్టు చెప్పండి. నేను ఈసారి చెప్పింది ఇది: "అందరికీ నమస్కారం. నెలాఖరున గత నెల నొక్కితే యాప్ మూసుకుపోతోందని చెప్పారు కదా, అది సరిచేశాం. మీ లెక్కలు ఎక్కడికీ పోలేదు. ఇంకోటి, ఇంటి పేరు నొక్కితే గంట బొమ్మ ఉంటుంది. అది నొక్కి తేదీ పెడితే ఆ రోజు పొద్దున మీ ఫోనే గుర్తు చేస్తుంది. వాళ్ళకేం పోదు, మీకే. ఫోన్ ఏదైనా అడిగితే సరేననండి."